కోడ్ చదవలేని నేను ప్రోగ్రామర్‌ని ఎలా ఎంచుకున్నాను: భీమవరం రొయ్యల కొనుగోలు ఆఫీసు నుంచి ఒక కేస్ స్టడీ

నేను బీకాం చదివాను. భీమవరంలో రైతుల దగ్గర రొయ్యలు కొని ప్రాసెసింగ్ ప్లాంట్లకి పంపే ఒక సంస్థలో 22 ఏళ్లుగా లెక్కలు చూస్తున్నాను. ఇప్పుడు మేనేజర్‌ని. మా ఆఫీసు సాఫ్ట్‌వేర్ చూసుకోవడానికి ఒక ప్రోగ్రామర్ కావాల్సి వచ్చింది. ఎంచుకోవాల్సింది నేనే. నాకేమో కోడ్ ఒక్క లైను కూడా చదవడం రాదు.

ముందు మా పని ఏమిటో చెప్పాలి. మేం పెట్టిన పరీక్ష అంతా అందులోంచే వచ్చింది. చెరువు దగ్గర పట్టుబడి అయ్యాక రొయ్యల్ని ట్రేల్లో నీళ్లు ఓడ్చి కాటా మీద పెడతారు. ఒక్కో లోడుకి ఒక కాటా చీటీ రాస్తారు. కొన్ని రొయ్యలు తూచి, లెక్కపెట్టి కౌంట్ కడతారు. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయన్నది. 40 కౌంట్ అంటే కిలోకి 40. కౌంట్ తగ్గితే రొయ్య పెద్దదని, రేటు ఎక్కువని అర్థం. మేం 30, 40, 50 ఇలా మెట్లకి రేటు చెబుతాం. కౌంట్ మధ్యలో వస్తే ఆ తేడాని కౌంట్‌కి ఇంత అని పంచుతాం. చివరికి రైతు మా దగ్గర అరువు తీసుకున్న మేత బాకీ మినహాయించి మిగతాది ఆయన ఖాతాలో వేస్తాం. ఇదంతా చేసేది PHP, MySQL మీద నడిచే చిన్న ప్రోగ్రాం. రాసినవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు.

దీనికి ముందు ఒకసారి ప్రోగ్రామర్‌ని తీసుకున్నాం. ఆ ఇంటర్వ్యూ చేసింది కూడా నేనే. నలభై నిమిషాలు మాట్లాడాను. ఎక్కడ చదివారు, ఏయే లాంగ్వేజీలు వచ్చు, ఇంతకుముందు ఏం ప్రాజెక్టులు చేశారు, ఇవే ప్రశ్నలు. ఆ అబ్బాయి తడుముకోకుండా చెప్పాడు. అందులో సగం మాటలు నాకు తెలియవు, అందుకే గొప్పగా అనిపించాయి. మనిషి మంచివాడు, కష్టపడేవాడు, అందులో అనుమానం లేదు. కానీ ఎనిమిదో నెలలో, పెద్ద పట్టుబడులు పడిన ఒక రాత్రి, ఒకే కాటా చీటీకి రెండుసార్లు డబ్బు వెళ్లింది. మూడో రోజు ఆ రైతే ఆఫీసుకి వచ్చి, ‘మీరు ఎక్కువేశారండి, చూసుకోండి’ అని చెప్పారు. ఆయన చెప్పకపోతే సీజన్ ఆఖర్లో ఖాతాలు సరిచూసేదాకా మాకు తెలిసేది కాదు.

ఈసారి మా యజమాని, ‘తెలిసినవాళ్లని పక్కన కూర్చోబెట్టుకోండి’ అన్నారు. వినడానికి బాగానే ఉంది. కానీ అలా కూర్చోబెడితే ఏమవుతుందో నేను ఒకసారి చూశాను. వచ్చినాయన, అభ్యర్థి ఇద్దరూ నాకు అర్థం కాని భాషలో అరగంట మాట్లాడుకుంటారు. బయటికొచ్చాక ఆయన ‘కుర్రాడు ఫర్వాలేదు’ అంటారు. ఎందులో ఫర్వాలేదు, దేనికి పనికొస్తాడు, ఎక్కడ దెబ్బతింటాం, ఏదీ నాకు తెలియదు. నిర్ణయం నాదే అయినా నా చేతిలో ఏమీ ఉండదు. అందుకని పనిని రెండుగా విడదీశాను. లెక్క సరిగ్గా వచ్చిందా, రైతుకి అన్యాయం జరుగుతుందా, మనిషి అడగాల్సిన చోట అడుగుతున్నాడా అన్నవి నేను చూడగలను. ఆ లెక్క లోపల ఎలా కట్టారు, రేపు ఎక్కడ విరుగుతుంది అన్నవి తెలిసినవాళ్లు చూడాలి.

సలహా చెప్పేవాళ్లకే ముందు పరీక్ష

సలహాకి ఇద్దరు దొరికారు. ఒకరు ఇక్కడే ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే మాస్టారు. ఇంకొకరు నరసాపురం ఆడపడుచు, హైదరాబాదులో పన్నెండేళ్లుగా చెల్లింపుల సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తున్నారు. ఇద్దరూ నమ్మకమైన మనుషులే. అయితే మనిషి మీద నమ్మకం వేరు, ఈ పనిలో ఆ మనిషి చూపు మీద నమ్మకం వేరు.

ఆ చూపు ఎలాంటిదో తెలుసుకోవడానికి నా దగ్గర ఒక వస్తువు ఉంది: రెండుసార్లు డబ్బు పంపిన మా పాత కోడ్. అందులో తప్పుందని నాకు తెలుసు, దానివల్ల ఏం జరిగిందో తెలుసు. ఏమీ చెప్పకుండా ఆ భాగాన్ని ఇద్దరికీ పంపి, ‘ఇది చూసి మీకు కనిపించినవి రాయండి, ముఖ్యమైనది ముందు రాయండి’ అన్నాను.

మాస్టారు రెండు పేజీలు రాశారు. పేర్లు సరిగ్గా పెట్టలేదు, ఒకే పని మూడు చోట్ల రాశారు, వివరణలు లేవు. అన్నీ నిజాలే. డబ్బు రెండుసార్లు పోయే సంగతి మాత్రం అందులో లేదు. హైదరాబాదు మేడం ఐదు లైన్లు రాశారు. మొదటి లైను ఇది: ‘ఇద్దరు ఒకే చీటీని ఒకేసారి సేవ్ చేస్తే రెండూ ఎక్కేస్తాయి. ఇప్పటికే ఎక్కాయేమో చూడండి.’

అయినా మాస్టారిని వదులుకోలేదు. ఎవరి మాట దేనికి పనికొస్తుందో తెలిసింది, అదే నాకు కావాల్సింది. రాతలో శుభ్రత గురించి ఆయన మాట, డబ్బుకి వచ్చే ప్రమాదం గురించి ఆవిడ మాట అని నా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. తెలిసిన జవాబున్న ప్రశ్న ఒకటి ముందు అడగకుండా ఎవరి సలహా అయినా తీసుకుని ఉంటే, ఆ సలహా బరువెంతో నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

ఇద్దరికీ డబ్బిచ్చాం. మేడం వద్దన్నారు. ఊరికే చేస్తే రెండోసారి చదవమని అడగడానికి నాకు మొహమాటం అడ్డొస్తుందని చెబితే ఒప్పుకున్నారు. నిజంగానే రెండోసారి అడగాల్సి వచ్చింది.

మూడు గంటల పని

మేడం ఫోన్‌లో ఒక మాట చెప్పారు. ఉద్యోగంలో ఎవరు బాగా చేస్తారో ముందే చెప్పే పద్ధతుల మీద ష్మిట్, హంటర్ అనే ఇద్దరు 1998లో 85 ఏళ్ల పరిశోధనలు కలిపి చూస్తే, అసలు పనిలోని ముక్కనే చేయించి చూడడం అన్నిటికన్నా పైన నిలిచిందట. 2022లో సాకెట్, ఆయన తోటివారు అవే లెక్కల్ని మళ్లీ సరిచూస్తే దాని బలం తగ్గింది. 0 అంటే సంబంధమే లేదు, 1 అంటే పూర్తి సంబంధం అనుకుంటే, మొదట 0.54 అన్నది 0.33కి దిగింది. అందరినీ ఒకే ప్రశ్నలు అడిగి, ముందే రాసుకున్న కొలతతో మార్కులేసే ఇంటర్వ్యూకి 0.42 వచ్చింది. ‘అందుకని పని ఒక్కటే చాలదు, ప్రశ్నలూ ముందే రాసుకోండి, అందరికీ అవే అడగండి’ అన్నారు ఆవిడ. రెండూ పెట్టాం.

పని నేనే తయారుచేశాను. ఇది ఎవరికీ అప్పగించకూడదని ఇప్పటికీ నా అభిప్రాయం. తెలిసినవాళ్లు ప్రశ్నపత్రం రాస్తే వాళ్లకి తెలిసిన చిక్కులే అందులో ఉంటాయి. మా ఆఫీసులో రోజూ వచ్చే చిక్కులు నాకే తెలుసు. ఒక పాత పట్టుబడి తీసుకుని, రైతుల పేర్లు, ఖాతా నంబర్లు మార్చి, తొమ్మిది కాటా చీటీల ఎక్సెల్ షీటు ఒకటి, ఆ రోజు రేట్ల కాగితం ఒకటి ఇచ్చాను. ఆ చీటీలన్నీ ఒకే రైతువి, ఒకే చెరువువి. కౌంట్ 47. 40 కౌంట్‌కి 390 రూపాయలు, 50 కౌంట్‌కి 350. మధ్యలో పది కౌంట్లకి 40 రూపాయల తేడా, అంటే కౌంట్‌కి 4. కాబట్టి 47 కౌంట్‌కి 390లోంచి 28 పోగా కిలో 362. ఈ పద్ధతి కాగితం మీద రాసే ఇచ్చాను. అది తెలుసా లేదా అన్నది పరీక్ష కాదు.

అసలు పరీక్ష చీటీల్లో ఉంది. 412.5 కిలోల చీటీ ఒకటి అదే నంబరుతో రెండుసార్లు ఉంది. మా కాటా దగ్గర ఇది మామూలే. తడిసి పాడైన చీటీకి బదులు ఇంకోటి రాస్తారు, రెండూ ఆఫీసుకి చేరతాయి. అలాగే 198 కిలోల చీటీలు రెండున్నాయి, వాటి నంబర్లు మాత్రం వేరు. అవి నిజంగా రెండు లోడ్లు, బరువు కలిసిందంతే. 412.5 కిలోల చీటీల్లో ఒకదాన్ని తీసెయ్యాలి, 198 కిలోల చీటీల్ని ముట్టుకోకూడదు. చీటీలన్నీ కలిపితే 2,252.5 కిలోలు. సరైన బరువు 1,840 కిలోలు. 362 చొప్పున 6,66,080 రూపాయలు.

అభ్యర్థి చేయాల్సినవి రెండు. ఈ చీటీలు ఎక్కించి రైతుకి ఎంత ఇవ్వాలో లెక్కకట్టే చిన్న ప్రోగ్రాం ఒకటి. దాన్ని చూపించే స్క్రీన్ ఒకటి. సమయం మూడు గంటలు, మా ఆఫీసులోనే. ఇంటర్నెట్ వాడుకోవచ్చు. సందేహం వస్తే పక్క గదిలో నేనున్నాను, కాటా చూసే మనిషి కూడా ఉన్నాడు, ఎవరినైనా అడగొచ్చు. ఈ సంగతి అందరికీ ఒకే కాగితం మీద రాసిచ్చాం. ఒక్కొక్కరికి 2,000 రూపాయలు ఇచ్చాం. ఇంటికిచ్చి చేసుకురమ్మంటే ఎవరు చేశారో తెలియదు. పైగా ఇల్లూ పిల్లలూ చూసుకునేవాళ్లకి అది నష్టం. ఇంకోమాట కూడా ముందే చెప్పాం: ఇక్కడ రాసినది మేం వాడుకోము అని. జీతం లేకుండా పని చేయించుకుంటున్నారన్న అనుమానం అభ్యర్థులకి ఉంటుంది. అది ఉంచుకుని మనసుపెట్టి చేయలేరు.

మార్కుల కాగితం ఎవరూ రాకముందే రాసి కవర్లో పెట్టాను. లేకపోతే నచ్చిన మనిషి ఏది బాగా చేస్తే దానికే ఎక్కువ మార్కులు వేస్తాను. అందులో నావి మూడు గళ్లు: మొత్తం సరిగ్గా వచ్చిందా, రెండు చిక్కుల్నీ గుర్తించారా, తెలియనిచోట అడిగారా లేక సొంతంగా తేల్చేశారా. సలహాదారులవి రెండు గళ్లు. కోడ్ మీద పేర్లు తీసేసి అ, ఆ, ఇ అని రాసి పంపాను. ఒక అభ్యర్థి మాస్టారి పాత విద్యార్థి అని నాకు తర్వాత తెలిసింది. పేర్లు తీసెయ్యడం ఎంత మంచిదైందో అప్పుడు అర్థమైంది.

ముగ్గురు వచ్చారు

తణుకు నుంచి వచ్చిన అబ్బాయి గంటా ఇరవై నిమిషాల్లో ముగించాడు. స్క్రీన్ చూడముచ్చటగా ఉంది. పాత పద్ధతిలో ఇంటర్వ్యూ చేసి ఉంటే అక్కడే ఉద్యోగం ఇచ్చేసేవాణ్ని. మొత్తం 5,94,404 రూపాయలు అని చూపించింది. నా కాగితంతో పోలిస్తే 71,676 తక్కువ. కాలిక్యులేటర్ తీసి 362తో భాగిస్తే 198 వచ్చింది. ఒకే రోజు, ఒకే బరువు ఉన్న చీటీలన్నిటినీ నకళ్లుగా లెక్కేసి తీసేశాడు. నిజమైన లోడు ఒకటి మాయమైంది. ‘ఇది ఎందుకు తీసేశారు బాబూ?’ అంటే, ‘డూప్లికేట్ కదా సార్’ అన్నాడు. ఎవరినీ అడగలేదు, తీసేసినట్టు స్క్రీన్ మీద కూడా ఎక్కడా లేదు. మాకు ఎక్కువ డబ్బు పోతే అది మా నష్టం. రైతుకి 71 వేలు తక్కువ పడితే ఆ ఊళ్లో మళ్లీ ఎవరూ మాకు సరుకు ఇవ్వరు. ఇది చూడడానికి నాకు కోడ్ రానక్కర్లేదు.

పాలకొల్లు నుంచి వచ్చినాయనకి పదకొండేళ్ల అనుభవం. రెండు పనులూ పూర్తిచేశారు. ఆయన మొత్తం 8,15,405, అంటే రెండుసార్లు వచ్చిన చీటీని కూడా కలిపేశారు. కానీ పైన ఎర్ర అక్షరాల్లో ‘ఈ చీటీ నంబరు రెండుసార్లు ఉంది, నిర్ధారించాలి’ అని చూపించారు. తప్పు మొత్తమే, కానీ దాచిపెట్టలేదు. కొత్తగా చీటీ ఎక్కించేటప్పుడు అదే నంబరు ఉంటే ఆపే ఏర్పాటు కూడా పెట్టారు.

అమలాపురం నుంచి వచ్చిన అమ్మాయికి రెండేళ్ల అనుభవం. మొదటి అరగంట కీబోర్డు ముట్టుకోలేదు, చీటీలే చూస్తూ కూర్చుంది. ముప్పై అయిదో నిమిషంలో లేచి కాటా మనిషి దగ్గరికెళ్లింది. ‘అన్నా, ఈ నంబరు రెండుసార్లుంది. రెండో కాపీయా, రెండు లోడ్లా?’

‘ఆయ్, రెండో కాపీనండి. తడిసిపోతే మళ్లీ రాస్తాం.’

‘మరి ఈ 198లు?’

‘అవి రెండు లోడ్లండి. నంబర్లు వేరు కదా.’

ఆమె మొత్తం 6,66,080 వచ్చింది. స్క్రీన్ పని మాత్రం పూర్తికాలేదు. మూడు గంటలయ్యేసరికి అంకెలు బోసిగా ఒకదాని కింద ఒకటి ఉన్నాయి, అంతే.

రెండు సలహాలు రెండు దారులు

తణుకు అబ్బాయి నా గళ్లలోనే ఆగిపోయాడు. మిగిలిన ఇద్దరి దగ్గర సలహాదారులు విడిపోయారు. మాస్టారు పాలకొల్లు ఆయన్ని ముందు పెట్టారు. రాత శుభ్రంగా ఉంది, రేపు ఇంకొకరు వచ్చినా చదివి అర్థం చేసుకోగలరు, రెండోది అంతా ఒకే ఫైల్లో కుక్కేశారు అన్నారు. మేడం అమలాపురం అమ్మాయిని ముందు పెట్టారు. టెక్నికల్ కాని మేనేజర్‌కి అసలు ఇబ్బంది ఇక్కడే వస్తుంది. ఇద్దరూ తెలిసినవాళ్లు, ఇద్దరి మాటా నిజం, ఎవరిది బరువో తూచే కాటా నా దగ్గర లేదు.

ఇద్దరినీ ఒకే ప్రశ్న అడిగాను: ‘ఈ లోపం వల్ల మా ఆఫీసులో ఏ రోజున, ఎవరికి, ఏం జరుగుతుంది? దాన్ని సరిచెయ్యడానికి ఎన్నాళ్లు పడుతుంది?’ మంచి కోడ్, చెడ్డ కోడ్ అన్న మాట వాడొద్దని కూడా అడిగాను.

మాస్టారు ఆలోచించి నిజాయితీగా చెప్పారు. ఒకే ఫైల్లో ఉండడం వల్ల రేపు ఏమీ జరగదు. రెండేళ్ల తర్వాత ఇంకొకరు వస్తే అర్థం చేసుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది. ఇప్పుడు విడదీయాలంటే వారం, పది రోజుల పని.

మేడం రెండు సంగతులు చెప్పారు. మొదటిది నకలు చీటీ గురించి. పాలకొల్లు ఆయన ప్రోగ్రాం ముందు ‘ఈ నంబరు ఉందా’ అని వెతుకుతుంది, లేకపోతే ఎక్కిస్తుంది. వెతకడానికీ ఎక్కించడానికీ మధ్య క్షణంలో కొంత ఖాళీ ఉంటుంది. పెద్ద పట్టుబడి రోజున ఇద్దరు గుమస్తాలు రెండు కాపీలు పట్టుకుని ఒకేసారి నొక్కితే, ఇద్దరికీ ‘లేదు’ అనే జవాబు వస్తుంది, రెండూ ఎక్కుతాయి. మాకు జరిగింది అచ్చంగా ఇదే. అమలాపురం అమ్మాయి ఆ కాపలాని ప్రోగ్రాంలో కాకుండా డేటాబేస్‌కే అప్పగించింది. ఈ ఒక్క లైను:

```sql
ALTER TABLE slips ADD UNIQUE (slip_no, slip_date);
```

ఒకే తేదీన ఒకే నంబరు రెండోసారి వస్తే డేటాబేసే వెనక్కి కొడుతుంది. ఎంత మంది ఎప్పుడు నొక్కినా ఒక్కటే నిలుస్తుంది. తేదీ ఎందుకు చేర్చిందని నేనడిగాను. మా కాటా పుస్తకాలు అయిపోతే నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి. ఆమె ఆ సంగతి కూడా కాటా మనిషిని అడిగి తెలుసుకుందట.

రెండోది డబ్బు దాచే విధానం. పాలకొల్లు ఆయన మొత్తాల్ని FLOAT అనే రకంలో దాచారు, ఆమె DECIMAL(14,2)లో దాచింది. FLOATలో అంకె ఉజ్జాయింపుగా నిలుస్తుంది. 1,67,77,216 దాటాక ప్రతి రూపాయినీ అది విడిగా పట్టుకోలేదు. 1,67,77,217 అని ఇస్తే ఆ చివరి రూపాయి నిలవదు. ఒక్క రైతు బిల్లులో ఇది పెద్దగా కనబడదు. మా సీజన్ మొత్తం రెండు కోట్లు దాటుతుంది కాబట్టి ఏడాది చివర ఖాతాలు రూపాయి, రెండు రూపాయలు తేడాగా వస్తాయి, ఎక్కడ పోయాయో దొరకవు. ఇది వినగానే నాకు ఒళ్లు జలదరించింది. ఆ రెండు రూపాయల కోసం ఆడిట్ ముందు రాత్రుళ్లు కూర్చున్నవాణ్ని నేను.

అయితే మేడం అక్కడితో ఆపలేదు. ‘ఈ రెండూ పాలకొల్లు ఆయనకి ఒక పూటలో నేర్పొచ్చు సార్. వీటిని బట్టే ఆయన్ని కొట్టెయ్యకండి. ఆ కాపలాలో ఖాళీ ఉండొచ్చని చెబితే ఆయన ఏమంటారో చూడండి’ అన్నారు. అభ్యర్థులతో జరిగే రెండో విడత మాటలకి ఒక ప్రశ్న రాసిచ్చారు, దానికి రాగల మూడు రకాల జవాబులు కూడా రాసిచ్చారు. ప్రశ్న: ‘ఇద్దరు ఒకే చీటీని ఒకేసారి సేవ్ చేస్తే?’ అలా జరగదు అంటే కింది మెట్టు. జరగొచ్చు, ఇలా ఆపొచ్చు అని చెబితే మధ్య మెట్టు. జరుగుతుందో లేదో ఇక్కడే చేసి చూద్దాం అంటే పై మెట్టు. ఈ కాగితం చేతిలో ఉంటే ఆ ప్రశ్న నేనే అడగగలను, జవాబు నేనే తూచగలను. తెలిసినవాళ్ల నుంచి నాకు దొరికిన సాయాల్లో ఇదే పెద్దది.

రెండో విడత ఒక్కొక్కరితో నలభై నిమిషాలు. ముందు వాళ్లు రాసినది నాకు తెలుగులో చెప్పాలి. తర్వాత ఒక చిన్న మార్పు నా ఎదురుగా చెయ్యాలి: 30 కంటే తక్కువ కౌంట్ వస్తే తేడా పంచకుండా 30 కౌంట్ రేటే ఇవ్వాలి. ఎక్కడినుంచో తెచ్చి అతికించినది అయితే ఏ లైను మార్చాలో అక్కడ తడబడతారు. ఇద్దరూ పది నిమిషాల్లోపే చేశారు.

ఆ ప్రశ్న దగ్గర పాలకొల్లు ఆయన, ‘అలా జరగదండీ, ముందు చూసే సేవ్ చేస్తుంది’ అన్నారు. ఒకచోట నిజంగా జరిగింది అన్నాను, మా ఆఫీసు అని చెప్పకుండా. ‘అది ఎంటర్ చేసేవాళ్లు జాగ్రత్తగా ఉండాలండీ’ అన్నారు. అమలాపురం అమ్మాయి, ‘ఎక్కకూడదు సార్, కానీ ఉండండి’ అంటూ రెండు విండోలు తెరిచింది. రెంటిలోనూ ఒకే చీటీ నింపి ఒకదాని వెంట ఒకటి నొక్కింది. రెండోదానికి ఎర్రర్ వచ్చింది. ‘ఆగింది. కానీ ఈ ఇంగ్లీషు మెసేజ్ చూసి గుమస్తా గారు కంగారు పడతారు, ఇది మార్చాలి’ అంది. కాసేపాగి, ‘ఇది సరైన పరీక్ష కాదు సార్, నా చేతికి రెంటికీ మధ్య ఒక సెకను ఉంది. అసలు పరీక్ష ప్రోగ్రాంతోనే ఒకేసారి పంపించి చేయాలి’ అని కూడా చెప్పింది.

అమలాపురం అమ్మాయిని తీసుకున్నాం. మిగతా ఇద్దరికీ ఏం చూశామో, ఎక్కడ ఆగిందో ఫోన్‌చేసి చెప్పాను. తణుకు అబ్బాయి 198 కిలోల సంగతి విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత థాంక్స్ చెప్పాడు. పాలకొల్లు ఆయనకి మేడం రాసిన ఆ రెండు లోపాల వివరం పంపించాను.

పరీక్ష చూడలేకపోయినది

మూడు గంటల పనిలో కనబడనివి చాలా ఉంటాయి. రోజూ విసుగు లేకుండా చేస్తారా, రాత్రి పదకొండింటికి కాటా దగ్గర నుంచి ఫోనొస్తే ఎలా మాట్లాడతారు, ఇవి మూడు నెలల ట్రయల్‌లోనే తెలుస్తాయి. మాకు తెలిసినంతలో పెద్ద ఖాళీ బ్యాకప్ దగ్గర ఉంది. బ్యాకప్ తీస్తున్నారా అంటే ఎవరైనా తీస్తున్నామనే అంటారు. పాత అబ్బాయీ అన్నాడు. అదే కంప్యూటర్లో ఇంకో ఫోల్డర్లోకి తీశాడు, ఆ డిస్క్ పోయినప్పుడు రెండూ పోయాయి.

మేడం చెప్పిన పరీక్ష కోడ్ రానివాళ్లు కూడా పెట్టగలిగేది. రెండో నెలలో ఒక ఖాళీ లాప్‌టాప్ ఆమె ముందు పెట్టి, ‘ఆఫీసు కంప్యూటర్ కాలిపోయిందనుకో అమ్మా. నిన్నటి దాకా ఉన్న లెక్కలు ఇందులో తెరిచి చూపించు’ అన్నాను. గడియారం చూస్తూ కూర్చున్నాను. గంటా పది నిమిషాలు పట్టింది. తెరుచుకున్నాక నా జేబులో ముందే రాసుకున్న చీటీ నంబరు తీసి వెతికాను. బరువు సరిపోయింది, కౌంట్ సరిపోయింది, మొత్తం రూపాయితో సహా సరిపోయింది. చీటీ ఫోటో మీద నొక్కితే ఏమీ రాలేదు.

డేటాబేస్ బ్యాకప్ అవుతోంది, ఫోటోలు ఉండే ఫోల్డర్ అందులో లేదు. ఆమె మొహం వాడిపోయింది. ‘నేను దీన్ని చూసుకోలేదు సార్’ అంది. సాకు ఏదీ చెప్పలేదు. ఆ సాయంత్రానికి ఫోల్డర్ చేర్చింది, మర్నాడు పొద్దున్నే ఆ లాప్‌టాప్‌లో మళ్లీ మొదటినుంచి తెరిచి చూపించింది. ఈసారి యాభై నిమిషాలు, ఫోటో వచ్చింది. తడిసిన చీటీ, మూల చిరిగింది, మీద కాటా మనిషి చేతిరాత.

ఇప్పుడు ప్రతి నెలా మొదటి సోమవారం ఈ పని చేస్తున్నాం. ఏ చీటీ నంబరు అడుగుతానో ఆమెకి ముందు తెలియదు. పోయిన నెల ముప్పై ఎనిమిది నిమిషాలు పట్టింది.